అదే రోజు పూర్తయిన పరీక్ష

"రేపు నేను డయాలిసిస్‌కు పోను. మళ్లీ అడగొద్దు."

సాయంత్రం నుంచి క్రీస్తుదాసు ఆ మాట అనడం ఇది నాలుగోసారి. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, గోడకే చెబుతున్నట్టు అన్నారు.

భార్య జీవమణి చపాతీల పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "పోకపోతే ఏమైతదో తెలుసా నీకు? కాళ్లు చూస్కున్నవా ఎట్ల ఉబ్బినయో? ఈ తొమ్మిది నెలలు నిన్ను తీస్కపోయి తీస్కొచ్చింది ఇందుకేనా?"

"నువ్వు కూసో ఆ కుర్చీల. అరగంట కాకముందే వణుకుడు మొదలైతది. పండ్లు కొట్టుకుంటయి. అప్పుడు చెప్పు."

"అది ఏసీ చలి డాడీ," అంది జెనీఫర్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. "దుప్పటి తీస్కపొమ్మని ఎన్నిసార్లు చెప్పిన?"

"ఏసీ చలికి జ్వరమొస్తదా? నూటరెండు వచ్చింది మంగళవారం. నర్సమ్మనే రాసుకున్నది."

"పోకుండా ఉండటానికి నీకు రోజుకో సాకు కావాలె," అంది జీవమణి.

క్రీస్తుదాసు ఇక మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. తన మాట లెక్కలోకి రానప్పుడు ఆయన వాదించరు, నోరు మూసుకుంటారు. ఆ మౌనమే ఇంట్లో వాళ్లకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

జెనీఫర్‌కు ఆ రాత్రి కోపానికి కూడా తీరిక లేదు. తెల్లవారితే ఆడిట్. పద్నాలుగు డయాలిసిస్ సెంటర్లు నడిపే కంపెనీలో ఆమె క్వాలిటీ టీమ్ లీడ్. ఆఫీసు పంజాగుట్టలో. తండ్రి వెళ్లేది అదే కంపెనీకి అమీర్‌పేటలో ఉన్న సెంటర్‌కు, ఇంటికి నడిచేంత దూరం. ఆమే చేర్పించింది.

ఆడిటర్ జానకీదేవి రాత్రి ఎనిమిదింటికి మెయిల్ పంపింది. మచ్చుకు మూడు పనుల ఆధారాలు పొద్దున టేబుల్ మీద ఉండాలంది. మూడోది అమీర్‌పేట సెంటర్, సెప్టెంబరు నీటి పరీక్ష.

జెనీఫర్ కంపెనీ పనులన్నీ నమోదయ్యే సాఫ్ట్‌వేర్‌లో ఆ పని తెరిచింది. పక్కన ఆకుపచ్చ గుర్తు: పూర్తి. నమూనా తీసింది సెప్టెంబరు 22, ఉదయం పదకొండు. పని పూర్తయింది సెప్టెంబరు 22, సాయంత్రం 4.12.

తర్వాతి పనికి వెళ్లబోయి ఆగింది.

ఒక్కో రోగికి ఒక్కసారి డయాలిసిస్ చేస్తే దాదాపు నూట ఇరవై లీటర్ల నీళ్లు, పలచటి పొర ఒక్కటే అడ్డుగా, అతని రక్తానికి అవతల నుంచి పారతాయి. అందుకే నెలనెలా ఆ నీటిని ల్యాబ్‌కు పంపుతారు. అక్కడ దాన్ని పోషకం పూసిన పళ్లెంలో వేసి, బాక్టీరియా పెరుగుతుందేమోనని ఏడు రోజులు ఉంచుతారు. ఏడు రోజులు. ఐదు గంటల్లో తేలే పరీక్ష కాదది.

జత చేసిన కాగితం తెరిచింది. పైన ల్యాబ్ పేరు, కింద సంతకం, మధ్యలో ఒకే ఒక్క వాక్యం: "మీ నమూనా మాకు అందినది."

అది రిపోర్టు కాదు. రసీదు.

ఆగస్టు తెరిచింది. రసీదు. జూలై. రసీదు. లక్డీకాపూల్, మాసబ్ ట్యాంక్, ఏ సెంటర్ తెరిచినా రసీదే. జూన్ నుంచి నాలుగు నెలలు, పద్నాలుగు సెంటర్లు. యాభై ఆరు పనులు, యాభై ఆరు ఆకుపచ్చ గుర్తులు. ఒక్కదాంట్లోనూ ఫలితం లేదు.

ప్రతి పని పక్కనా 'పూర్తి చేసినవారు' అన్న చోట ఒకే పేరు ఉంది.

నోయెల్.

నోయెల్ జెనీఫర్ తమ్ముడు. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు చేసి ఏడాది ఖాళీగా తిరుగుతుంటే, తన టీమ్‌లోకి తనే తీసుకుంది. ఒకే ఇంటివాళ్లమని ఆఫీసులో ఎక్కడా రాయలేదు. విజయేందర్ సార్‌కు మాత్రం తెలుసు. ఆపరేషన్స్ అంతా ఆయన చేతిలోనే ఉంటుంది.

"నోయెల్!"

లోపలి గదిలోంచి వచ్చాడు. మెడలో ఇయర్‌ఫోన్లు. "ఏమైంది అక్కా?"

"ఇది చూడు. యాభై ఆరు. అన్నీ నువ్వే క్లోజ్ చేసినవ్. ఒక్క రిపోర్ట్ లేదు."

వంగి చూశాడు. "నేను చెయ్యలే."

"మరి ఇక్కడ ఉన్నది ఎవరి పేరు?"

"నా పేరే. కానీ నేను చెయ్యలే. దానంతటదే నడిచే రూల్ ఉంది కదా, అది చేసింది."

"ఆడిట్ ముందు రోజు రాత్రి రూల్ అంటున్నవా? పని ఎగ్గొట్టి రూల్ మీద తోస్తున్నవా?"

"అక్కా, జర మాట మంచిగ రానియ్."

జీవమణి వంటింట్లోంచి తొంగి చూసింది. "ఏంది లొల్లి? ఆఫీసు కొట్లాట ఇంట్ల వద్దు. తమ్ముడని నువ్వు తీస్కున్నవ్, తమ్ముడని నువ్వే అనుమానిస్తవా?"

"మమ్మీ, నువ్వు లోపలికి పో."

నోయెల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముఖం ఎర్రబడింది. కానీ లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నప్పుడు చేతులు వణకలేదు. జెనీఫర్ అది కూడా గమనించింది. అబద్ధం చెప్పేవాళ్ల చేతులు ఎలా ఉంటాయో తనకు తెలియదని కూడా అనుకుంది.

"రూల్ చూడు. నిరుడు రాసిన. ల్యాబ్ అడ్రస్ నుంచి మెయిల్ రావాలె, సబ్జెక్ట్‌ల పని నంబర్ ఉండాలె, ఒక పీడీఎఫ్ ఉండాలె. మూడూ ఉంటే ఆ పీడీఎఫ్‌ను పనికి తగిలించి పూర్తి అని పెడుతది. అప్పుడు ల్యాబ్ వాళ్లు పంపేది ఒక్కటే మెయిల్, ఫైనల్ రిపోర్ట్. అందుకే కరెక్ట్‌గా నడిచింది."

"మరి రసీదులు?"

"జూన్‌ల ల్యాబ్ వాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిండ్రు. నమూనా చేరంగనే రసీదు వస్తది. అదే అడ్రస్, అదే నంబర్, అది సుత పీడీఎఫే. రూల్‌కు లోపల ఏం రాసుందో చదవడం రాదు. రసీదు రాంగనే పూర్తి అన్నది. నా లాగిన్‌తో తయారైంది కాబట్టి అది ఏం చేసినా నా పేరే పడుతది."

జెనీఫర్‌కు అర్థమైంది. అర్థమైనందుకే భయం ఇంకా పెరిగింది. "అసలు రిపోర్టులు తర్వాత వచ్చి ఉంటయి కదా. అవెక్కడ?"

నోయెల్ రూల్‌లో ఆఖరి లైను మీద వేలు పెట్టాడు. "పని ఓపెన్‌గ ఉంటేనే రూల్ ముట్టుకుంటది. రిపోర్ట్ వచ్చేసరికి పని మూసి ఉంటది. కాబట్టి తగిలించదు. మెయిల్‌ను 'చూసినవి' ఫోల్డర్‌లకు నెట్టేస్తది."

"అంటే చూడనివన్నీ 'చూసినవి'లో ఉన్నయా?"

"అవును."

"పని మూసి ఉంది కాబట్టి ఆలస్యమైందని గుర్తుచేసే మెయిళ్లు కూడా రాలేదు."

"రావు."

పక్క గదిలో తండ్రి దగ్గారు.

"నీకిది జూన్ నుంచి తెలుసు," అంది జెనీఫర్ మెల్లగా. "తెలిసి ఊరుకున్నవ్."

నోయెల్ ఫోన్ తీసి, పాత మెసేజీల్లోకి వెళ్లి, ఆమె ముందు పెట్టాడు. జూన్ 19. *అక్కా, ల్యాబ్ నుంచి ఇప్పుడు రెండు మెయిల్స్ వస్తున్నయ్. రూల్ మార్చాలేమో, చూస్తవా?*

కింద ఆమె జవాబు. *నడుస్తోంది కదా. ఇప్పుడు ముట్టుకోకు.*

ఆ రోజు ఆమెకు గుర్తుకూడా లేదు. ఏ మీటింగ్‌లో ఉందో, ఏ లిఫ్ట్‌లో ఉందో. నాలుగు మాటలు కొట్టి ఫోన్ సంచిలో వేసుకుని ఉంటుంది.

"గట్టిగ చెప్పాల్సింది నేను," అన్నాడు నోయెల్. "చెప్పలే. నువ్వు లీడ్ కదా అనుకున్న."

ఆమె సారీ చెప్పలేదు. చెప్పే మాట నోటిదాకా వచ్చి, అంతలోనే 'ఇది ముందే తీసిపెట్టుకున్నాడా' అన్న అనుమానం కూడా వచ్చింది. ఆ అనుమానానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"రూల్ ఆపెయ్," అంది. "తర్వాత ఆ ఫోల్డర్ తెరువు."

నోయెల్ రూల్ ఆపాడు. జెనీఫర్ యాభై ఆరు పనుల చరిత్ర, ఏది ఎప్పుడు ఎవరి పేరుతో మారిందో, ఉన్నది ఉన్నట్టు దింపుకుని ప్రింట్ తీసింది. తర్వాత ఇద్దరూ ఒక్కో మెయిల్ తెరిచి చదవడం మొదలుపెట్టారు. నోయెల్ చదువుతుంటే ఆమె రాసుకుంది. బాక్టీరియా కాలనీలు మిల్లీలీటరుకు వంద దాటకూడదు. యాభై దాటగానే జాగ్రత్తపడాలి. చచ్చిన బాక్టీరియా వదిలే విషం, ఎండోటాక్సిన్, పావు యూనిట్ లోపు ఉండాలి.

యాభై రిపోర్టులు బాగానే ఉన్నాయి. నాలుగింటికి రిపోర్టే లేదు. సీసాలు ఐసు లేకుండా వేడిగా చేరాయని ల్యాబ్ వాళ్లు వెనక్కి కొట్టారు, మళ్లీ పంపమన్నారు. ఆ మెయిళ్లూ 'చూసినవి'లోనే పడున్నాయి. ఎవరూ మళ్లీ పంపలేదు.

మిగిలినవి రెండు. రెండూ అమీర్‌పేటవే.

"ఆగస్టు, డెబ్బై రెండు," చదివాడు నోయెల్. "సెప్టెంబరు, నూట ఎనభై ఆరు. ఎండోటాక్సిన్ సున్నా పాయింట్ ఆరు రెండు."

జెనీఫర్ పెన్ను కింద పెట్టింది.

ఆ విషం పొర దాటి రక్తంలో కలిస్తే ఏమవుతుందో ఆమె ఏటా కొత్త టెక్నీషియన్లకు చెప్పే పాఠమే. మెషిన్ ఎక్కిన అరగంటకో గంటకో చలి. వణుకు. జ్వరం. ఇంటికి పోయాక తగ్గిపోతుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు, జాగ్రత్త అని చెబుతుంది ప్రతిసారీ.

లేచి తండ్రి గదిలోకి వెళ్లింది. లైటు వేయలేదు. మంచం పక్కన కింద కూర్చుంది.

"డాడీ, నువ్వు చెప్పింది నిజం కావచ్చు. నీళ్లు బాగలేవు అక్కడ."

క్రీస్తుదాసు గోడకు చెయ్యి ఆనించుకున్నారు. తర్వాత ఇటు తిరిగారు.

"ఎన్ని రోజుల నుంచి?"

"ఆగస్టు నుంచి కావచ్చు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే."

"ఇప్పుడేనా?" అన్నారాయన. ఆ మాటలో నిందకన్నా లెక్క సరిచూసుకోవడమే ఎక్కువగా ఉంది. "నా పక్క కుర్చీల పెంటయ్య సుత వణుకుతడు బిడ్డా. ఆయన ఇంట్ల చెప్పుకోడు. ముందు ఆయనకు చెప్పు."

గుమ్మంలో జీవమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. సాయంత్రం అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఆమెకు దారి దొరకలేదు. లోపలికి వచ్చి ఆయన కాళ్ల మీద దుప్పటి సర్ది వెళ్లిపోయింది.

విజయేందర్ మూడో రింగుకు ఫోన్ ఎత్తాడు. అంతా విన్నాడు. కేకలు వేయలేదు. అదే జెనీఫర్‌కు మొదట వింతగా తోచింది.

"సరే, జర ఠండా ఉండు," అన్నాడు. "గా రసీదులు తీసేసి ఫైనల్ రిపోర్టులు పెట్టుండ్రి. యాభైకి యాభై సాఫ్. గా నాలుగు నమూనాలు ఎల్లుండి పంపుదం, ఎవ్వలు అడుగుతరు?"

"అమీర్‌పేట?"

"అమీర్‌పేటల రాత్రికి రాత్రే నీళ్ల లైన్ కడిగిపిద్దం. ఆడ ఇన్‌ఛార్జి రవళికి నేన్ చెప్త. పొద్దున షిఫ్ట్ నడవాలె. ఆడిట్ దినం సెంటర్ బంద్ అంటే మన ఇజ్జత్ ఏమైతది?"

"సార్, కడిగితే సరిపోదు. కడిగినంక మళ్లీ పరీక్షకు పోవాలె. అది తేలేదాక నేను ఎవరినీ ఎక్కించనియ్యను. ఫలితం హద్దు దాటితే సెంటర్ ఆపే అధికారం క్వాలిటీ లీడ్‌కు ఉంది. మన పద్ధతుల పుస్తకంలనే ఉంది."

విజయేందర్ మాట మార్చాడు.

"నీ ఫాదర్ గా సెంటర్‌లనే ఉన్నడు కదా?"

"ఉన్నడు."

"మీ తమ్ముడు రూల్ రాసిండు. మీ ఫాదర్ పేషెంట్. నువ్వు లీడ్. బయటోడు చూస్తే ఏమనుకుంటడో ఆలోచించుకో జెనీఫర్. నీ మంచికే చెప్తున్న."

ఫోన్ పెట్టేశాడు. నీళ్లు బాగలేవని చెబితే ఆయన అంకెలు కూడా అడగలేదని ఆమెకు అప్పుడు తట్టింది. ఎంత దాటిందని ఒక్కసారైనా అడగాలి కదా. ముందే తెలిసినవాళ్లే అడగరు. లేదా అసలు అక్కర్లేనివాళ్లు.

అమీర్‌పేట సెంటర్ ఇన్‌ఛార్జి రవళి నిద్రమత్తులోంచి ఫోన్ ఎత్తి, రెండు అంకెలు వినగానే లేచి కూర్చుంది. "నేను వస్తున్నా మేడం. డాక్టర్ గారికి నేను చెప్తాను. చలి వచ్చినవాళ్ల పేర్లు నా రిజిస్టర్‌లో ఉన్నాయి, ఐదుగురు. నేను ఏసీ అనుకున్నాను. నిజంగా ఏసీ అనుకున్నాను మేడం."

"నేనూ అదే అన్న," అంది జెనీఫర్.

తెల్లవారుజామున నాలుగింటికల్లా నోయెల్ అమీర్‌పేట సెంటర్‌కు వెళ్లాడు. తన లాప్‌టాప్ ఇంట్లోనే వదిలేశాడు. తన ఫోన్‌లో చార్జింగ్ లేదని రవళి ఫోన్ నుంచే ఆరింటి షిఫ్టులో ఉన్న పదకొండు మందికీ ఫోన్లు చేశాడు. నీటి ఫలితాలు బాగున్న లక్డీకాపూల్ సెంటర్‌లో ఏడింటికి కుర్చీలు ఖాళీ చేయించారు. టెక్నీషియన్ నీటి ప్లాంటు నుంచి మెషిన్ల దాకా పైపులన్నిటిలోకి క్రిములు చంపే మందు ఎక్కించి, నానబెట్టి, కడిగి, మందు అవశేషం లేదని పరీక్ష స్ట్రిప్‌తో చూసుకుని, కొత్త నమూనా ఈసారి ఐసులో పెట్టి ల్యాబ్‌కు పంపాడు. చలి వచ్చిన ఐదుగురికీ రక్తపరీక్ష రాయమన్నాడు డాక్టర్.

జీవమణి ఆటోలో క్రీస్తుదాసును తీసుకుని లక్డీకాపూల్ వెళ్లింది. ఎనిమిదిన్నరకు ఫోన్ చేసింది.

"గంటన్నర అయింది. వణుకు లేదు. పెంటయ్య కూడా పక్కనే ఉన్నడు." తర్వాత గుసగుసగా అంది. "నిద్రపోతున్నడే. ఎన్ని రోజులైందో ఆ కుర్చీల నిద్రపోక."

జెనీఫర్ అప్పుడు పంజాగుట్ట ఆఫీసు మెట్ల మీద ఉంది. గోడకు ఆనుకుని ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది.

ఆడిట్ గదిలో జానకీదేవి అప్పటికే కళ్లజోడు పెట్టుకుని కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. పక్కన విజయేందర్ ఇస్త్రీ చొక్కాలో, రాత్రంతా హాయిగా నిద్రపోయినవాడిలా ఉన్నాడు.

ఎవరూ ఏమీ అడగకముందే జెనీఫర్ రెండు పేజీలు టేబుల్ మీద పెట్టింది.

"మేడం, మీరు మచ్చు చూసేముందు ఇది చూడండి. జూన్ నుంచి మా నీటి పరీక్షల పనులు యాభై ఆరు తప్పుగా పూర్తి అని పడ్డాయి. రసీదును రిపోర్ట్ అనుకుని ఆటోమేషన్ మూసేసింది. నాలుగు పరీక్షలు అసలు జరగలేదు. అమీర్‌పేట నీళ్లు హద్దు దాటాయి. ఈ పొద్దున ఆ సెంటర్ ఆపేశాం. రూల్ మార్చాలని జూన్‌లో నన్ను అడిగారు. వద్దన్నది నేనే."

జానకీదేవి రెండు పేజీలూ తొందర లేకుండా చదివింది.

"పెద్ద లోపం కిందే రాస్తానమ్మా, తప్పదు."

"రాయండి మేడం."

"కానీ ఆడిట్ రోజే సొంత సెంటర్ తలుపు మూసి వచ్చినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు." కళ్లజోడు సర్దుకుంది. "సరే, తెరవండి. అమీర్‌పేట సెప్టెంబరు."

జెనీఫర్ తెరిచింది. జానకీదేవి ముందుకు వంగింది. కాగితం చూసింది, తెర చూసింది, మళ్లీ కాగితం చూసింది.

"మీ లిస్టులో రసీదు అని రాశారు. ఇక్కడ రిపోర్టే ఉందే. కాలనీలు ఇరవై రెండు. బాగానే ఉందిగా?"

జెనీఫర్ ఆ రిపోర్టును తెర మీద పెద్దది చేసి చూసింది. ఇరవై రెండు ఆమెకు తెలిసిన అంకే. అమీర్‌పేట జూలై రిపోర్టు. తేదీ ఉండే పై అంచు కత్తిరించి ఉంది.

"ఇది సెప్టెంబరుది కాదు మేడం. ఎవరో మార్చారు. రాత్రి పదకొండున్నరకు ఇక్కడ రసీదు ఉంది, ఇదిగో ప్రింట్."

"రూల్ మల్ల ఏమన్న గడబిడ చేసిందేమో మేడం," అన్నాడు విజయేందర్ నెమ్మదిగా.

"రూల్ రాత్రే ఆపేశాం సార్."

జానకీదేవి మౌస్ తన చేతిలోకి తీసుకుని పని చరిత్ర తెరిచింది. ఆఖరి వరుస మీద వేలు పెట్టి పైకే చదివింది. "ఈ రోజు ఉదయం 5.22. రసీదు తొలగింపు. రిపోర్టు జోడింపు. చేసినవారు, నోయెల్."

ఐదూ ఇరవై రెండుకు నోయెల్ అమీర్‌పేటలో ఉన్నాడు. అతని లాప్‌టాప్ అప్పుడు ఇంట్లో జెనీఫర్ ముందే ఉంది. అడ్మిన్ అయినవాళ్లు ఎవరి పేరుతోనైనా లోపలికి పోవచ్చు. అడ్మిన్ ఇద్దరే, తనూ విజయేందరూ.

కానీ ఫోన్‌తో కూడా పోవచ్చు. చార్జింగ్ లేదన్నది నోయెల్ చెప్పిన మాటే.

విజయేందర్ టీ కప్పులో చెంచా తిప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఎవరమ్మా ఈ నోయెల్?" అడిగింది జానకీదేవి.

జెనీఫర్ విజయేందర్‌ను చూసింది. ఆయన చెంచా ఆగిపోయింది.

"నా తమ్ముడు మేడం," అంది. "ఆ మాట మా కంపెనీలో ఎక్కడా రాసిలేదు. రాయనిది కూడా నేనే."

జానకీదేవి మూత పెట్టేసిన పెన్ను మళ్లీ తీసి, పెద్ద లోపం కింద ఇంకో వరుస రాయడం మొదలుపెట్టింది.